ఒక ఏసీ ఆగినా సర్వర్లు ఆగకూడదంటే: తిరుపతి ఎండకు నిలిచే హాట్ ఐల్ కూలింగ్ ఎలా డిజైన్ చేయాలి

చిన్న డేటా సెంటర్ల కూలింగ్ కొటేషన్లలో తరచుగా కనిపించే లెక్క ఒకటుంది. లోడ్ 40 కిలోవాట్లు. 20 కిలోవాట్ల యూనిట్లు మూడు పెడతాం. ఒకటి పోయినా మిగిలిన రెండూ కలిసి 40 ఇస్తాయి. కాబట్టి ఇది ఎన్ ప్లస్ వన్, అంటే అవసరమైన వాటికంటే ఒక యూనిట్ అదనం. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ రోహిణి కార్తెలో, తిరుపతిలో, మధ్యాహ్నం మూడింటికి ఒక యూనిట్ ట్రిప్ అయితే ఈ డిజైన్ నిలబడదు. ఎందుకు నిలబడదో, నిలబడాలంటే ఏం చేయాలో ఒక ఉదాహరణ పెట్టుకుని వరసగా చూద్దాం.

రేణిగుంట రోడ్డు మీద మూడంతస్తుల ఆఫీసు భవనం ఉందనుకోండి. రెండో అంతస్తులో ఆరున్నర మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గది. అందులో ఎనిమిది ర్యాకులు, ఒక్కోదానికి 5 కిలోవాట్లు. యూపీఎస్, బ్యాటరీలు పక్క గదిలో ఉన్నాయి, వాటి చల్లదనం వేరే చూసుకున్నారు. మనది ర్యాకుల గది ఒక్కటే. చిల్లర్, కూలింగ్ టవర్ల జోలికి వెళ్లడం లేదు. ఈ సైజుకి అది ఎక్కువ. పైగా కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్లతో నడిచే ఊళ్లో వేసవంతా టవర్‌కి నీళ్లు తాగించే పూచీ ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి? ఇంటి ఏసీలాగే రిఫ్రిజరెంట్ గ్యాస్‌తో గాలిని చల్లబరిచే డీఎక్స్ యూనిట్లు ర్యాకుల మధ్యలో, వాటి కండెన్సర్లు మేడ మీద. ఇదీ మన వ్యవస్థ.

ముందు గాలి లెక్క, తర్వాతే టన్నుల లెక్క

ఏసీ అనగానే మనవాళ్లు టన్నుల్లో మాట్లాడతారు. ఒక టన్ను అంటే 3.517 కిలోవాట్లు, అది సరే. కానీ సర్వర్ గదిలో టన్నుల కంటే ముందు తేల్చాల్సింది గాలి. ప్రతి సర్వర్ తన ఫ్యాన్లతో ముందు నుంచి చల్లగాలి పీల్చి, వేడెక్కించి వెనక నుంచి వదులుతుంది. సర్వర్లన్నీ కలిసి గంటకు ఎంత గాలి లాగుతున్నాయో అంత గాలిని కూలింగ్ యూనిట్లు చల్లబరిచి ముందు వైపుకి తిరిగి ఇవ్వాలి. అంతకంటే తక్కువ ఇస్తే సర్వర్ ఫ్యాన్లు ఊరుకోవు. లోటు ఎంతుంటే అంత వేడిగాలిని ఎక్కడో ఒక సందులోంచి వెనక్కి లాక్కుంటాయి.

లెక్క తేలికే:

```
m3/h = kW × 3000 / ΔT
```

ఇక్కడ ΔT అంటే సర్వర్ ముందు, వెనక గాలుల ఉష్ణోగ్రతల తేడా. ఇప్పటి సర్వర్లు పూర్తి లోడ్ మీద 10 నుంచి 15 డిగ్రీల తేడా చూపిస్తాయి. మనం 12 తీసుకుందాం. 40 కిలోవాట్లకు గంటకు 10,000 ఘనపు మీటర్ల గాలి కావాలి.

ఆ 40 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూసుకోండి. సర్వర్ వెనక పవర్ సప్లై మీద రాసిన వాట్లన్నీ కూడితే లోడ్ చాలా ఎక్కువగా తేలుతుంది, అనవసరంగా పెద్ద యూనిట్లు కొంటారు. ర్యాకులోని సర్వర్లకు కరెంటు పంచే పట్టీ, అంటే ర్యాక్ పీడీయూ, చూపించే నిజమైన గరిష్ఠ రీడింగు తీసుకుని, రెండు మూడేళ్లలో రాబోయే సర్వర్ల లెక్క కలపండి. దానికి లైట్లు, మనుషులు, గోడల నుంచి వచ్చే వేడి, యూనిట్ల సొంత ఫ్యాన్ల వేడి అన్నీ కలిపి మరో 4 కిలోవాట్లు వేసుకుందాం. అంటే తీసేయాల్సిన వేడి 44 కిలోవాట్లు, తిప్పాల్సిన గాలి 10,000. ఈ రెండు సంఖ్యలూ చివరిదాకా గుర్తుండాలి.

వేడి వైపునే ఎందుకు మూయాలి

నాలుగేసి ర్యాకులను రెండు వరసలుగా, వెనక భాగాలు ఎదురెదురుగా ఉండేలా నిలబెట్టండి. మధ్యలో 1.2 మీటర్ల వేడి నడవ, హాట్ ఐల్ అంటే ఇదే. దీని రెండు చివర్లకూ తలుపులు, పైన కప్పు. సర్వర్లు వదిలే వేడిగాలంతా ఈ పెట్టెలోనే ఉండిపోతుంది. ఒక్కో వరసలో ర్యాకుల మధ్య రెండు సన్నటి కూలింగ్ యూనిట్లు, 30 సెంటీమీటర్ల వెడల్పువి. వాటి వెనక భాగం వేడి నడవలోంచి గాలి లాగుతుంది, ముందు భాగం చల్లగాలిని గదిలోకి వదులుతుంది.

చల్లని నడవను, అంటే ర్యాకుల ముందు వైపును, మూసే పద్ధతి కూడా ఉంది, అది తప్పేం కాదు. కానీ కరెంటు పోయి కంప్రెసర్లు ఆగిన క్షణం నుంచి ఆలోచించండి. చల్లని నడవను మూస్తే నిల్వ ఉన్న చల్లగాలి ఆ సన్నటి నడవలో ఉన్నంతే, మిగతా గదంతా వేడిగాలి. వేడి నడవను మూస్తే గదిలో మిగిలిన దాదాపు 100 ఘనపు మీటర్లూ చల్లగాలే. అదేమీ పెద్ద నిల్వ కాదు, ఎంతసేపు వస్తుందో తర్వాత లెక్క వేద్దాం. అయినా జనరేటర్ అందుకునేలోపు ఆ కాస్త తేడాకే విలువ ఉంది.

ఇంకో లాభం కూడా ఉంది. డీఎక్స్ యూనిట్‌లోకి ఎంత వేడిగాలి వస్తే అది అంత ఎక్కువ వేడిని తీసేయగలదు. చల్లగాలి 24 డిగ్రీలకు ఇస్తే వేడి నడవ 36 దగ్గర ఉంటుంది. ఆ 36 యూనిట్‌కి చెక్కుచెదరకుండా చేరితేనే కేటలాగ్‌లోని సామర్థ్యం దక్కుతుంది. సందుల్లో చల్లగాలి కలిసి అది 30కి పడిపోయిందంటే యూనిట్ సామర్థ్యం కూడా పడిపోయినట్టే. ఏసీ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఆష్రే సిఫార్సు ప్రకారం సర్వర్ ముందు భాగంలో 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మనం 24 దగ్గర నడిపితే, ఒక యూనిట్ పోయినప్పుడు పెరగడానికి మూడు డిగ్రీల చోటు మిగులుతుంది. గదిలోకి వెళితే చలికి వణకాలి అనుకునే అలవాటు ఉన్నవాళ్లు 18 పెట్టమంటారు. ఒప్పుకోకండి. దానివల్ల కరెంటు బిల్లు పెరుగుతుంది, నవంబరు వానల్లో కాయిల్ మీద నీళ్లు కారతాయి. ఆ నీళ్లను బయటికి తోసే పంపు చెడితే నీటి మట్టం పెరిగితే పనిచేసే ఫ్లోట్ స్విచ్ యూనిట్‌నే ఆపేస్తుంది.

గదిలో మనుషులు తిరిగే దారి విషయం డిజైన్‌లోనే తేలాలి. వరస పొడవు మూడు మీటర్లు, గది ఆరు. రెండు చివర్లా ఒకటిన్నర మీటరు ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో అట్టపెట్టెలు, పాత మానిటర్లు, విరిగిన కుర్చీలు పెట్టనివ్వకండి. ఒక వరసలో యూనిట్ ఆగితే రెండో వరస ముందున్న చల్లగాలి ఆ దారిలోంచే ఇటు రావాలి. ఒకటి పోయినా నడిచే ఈ ఏర్పాటులో, అంటే రిడండెన్సీలో, ఆ ఖాళీ కూడా ఒక పరికరమే.

సందులు మూసే పని

ఈ పనికి ఖర్చు తక్కువ, అందుకే ఎవరూ పట్టించుకోరు. ర్యాక్‌లో సర్వర్ లేని ప్రతి గడిలో బ్లాంకింగ్ ప్యానెల్ బిగించండి. కేబుల్ వెళ్లే కన్నాలకు బ్రష్ గ్రోమెట్లు పెట్టండి. ర్యాక్ అడుగున, ర్యాకుకీ యూనిట్‌కీ మధ్య, ర్యాక్ లోపల నిలువు పట్టీల పక్కన ఉండే సందులను ఫోమ్‌తో మూయండి. తలుపులకు తమంతట తామే మూసుకునే ఏర్పాటు ఉండాలి.

నెట్‌వర్క్ స్విచ్‌ల దగ్గర ఆగి చూడండి. కేబుళ్లు సులువుగా తగిలించడానికి స్విచ్‌లను పోర్టులు వెనక్కి ఉండేలా ర్యాక్ వెనక భాగంలో బిగిస్తారు. ఆ స్విచ్ పోర్టుల వైపు నుంచే గాలి పీల్చే రకమైతే అది వేడి నడవలోని 36 డిగ్రీల గాలిని పీల్చి, ఇంకా వేడెక్కించి, చల్లని వైపుకి ఊదుతుంది. గది చల్లగానే ఉంటుంది, స్విచ్ మాత్రం ట్రిప్ అవుతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడే గాలి దిశ ఏమిటో చూసుకుని, పోర్టుల వైపు నుంచి గాలి వదిలే ఫ్యాన్ల మోడల్ తెప్పించండి.

మంటలార్పే వ్యవస్థ గురించి ఒక్క మాట. నడవ మీద కప్పు వేశాక అది లోపల విడి గది అయిపోతుంది. పొగ డిటెక్టరు, గ్యాస్ నాజిల్ దాని లోపల కూడా ఉండాలి. ఈ సంగతి ఫైర్ కాంట్రాక్టరుకి కప్పు వేయకముందే చెప్పండి.

ఎన్ని యూనిట్లు: అసలు లెక్క

ఇప్పుడు మొదటి కొటేషన్‌కి వద్దాం. యూనిట్ మీద రాసిన 20 కిలోవాట్లు ఏ పరిస్థితిలో వస్తాయో కేటలాగ్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సాధారణంగా బయట 35 డిగ్రీలు అని ఉంటుంది. తిరుపతిలో మే నెలలో 43, 44 దాటే రోజులు వస్తాయి. అది నీడలో పెట్టిన థర్మామీటర్ చూపే లెక్క. సిమెంటు మేడ మీద, పక్క కండెన్సర్లు ఊదే వేడిలో, కాయిల్ ముందున్న గాలి 48 దాకా పోతుందనుకుని డిజైన్ చేయడం మంచిది. తయారీదారు దగ్గర ఉష్ణోగ్రతకి తగ్గట్టు సామర్థ్యం చూపే పట్టిక ఉంటుంది. "బయట 48, లోపలికి వచ్చే గాలి 36 ఉన్నప్పుడు సెన్సిబుల్ సామర్థ్యం ఎంత?" అని రాతపూర్వకంగా అడగండి. సెన్సిబుల్, అంటే గాలిని చల్లబరచడానికే పనికొచ్చే భాగం, అనే మాట వదలకండి. మొత్తం సామర్థ్యంలో కొంత గాలిలోని తేమను నీళ్లుగా మార్చడానికి పోతుంది. సర్వర్లకు దానితో పనిలేదు.

జవాబు 17 కిలోవాట్లు అని వచ్చిందనుకుందాం. మూడు యూనిట్లలో ఒకటి ఆగితే మిగిలేది 34. మనకు కావాల్సింది 44. పది కిలోవాట్ల లోటు. నాలుగు పెడితే, ఒకటి ఆగినా 51 ఉంటుంది. సరిపోతుంది.

కానీ గాలి లెక్క వేరే పరీక్ష. ఒక్కో యూనిట్ ఫ్యాన్లు పూర్తి వేగంతో గంటకు 3,600 ఘనపు మీటర్లు తిప్పుతాయనుకోండి. మూడు కలిస్తే 10,800. మనకు కావాల్సింది 10,000. ఇది కూడా దాటింది, కాస్త దగ్గరగా. అదే రెండు యూనిట్లయితే 7,200 మాత్రమే. అంటే మొదటి కొటేషన్ బయట చల్లగా ఉన్న డిసెంబరులో కూడా పాసయ్యేది కాదు. కిలోవాట్లు, గాలి రెండూ విడివిడిగా దాటితేనే డిజైన్ దాటినట్టు.

ఈ "కాస్త దగ్గరగా" అన్నదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక యూనిట్ ఆగి ర్యాక్ ముందు ఉష్ణోగ్రత 27 దాటితే చాలా సర్వర్లు తమ ఫ్యాన్ల వేగం పెంచుతాయి. లోడ్ అంతే ఉంటుంది, కానీ లాగే గాలి పెరుగుతుంది. 12 డిగ్రీల తేడా 10కి తగ్గిందంటే కావాల్సిన గాలి 12,000 అయిపోయింది. మన మూడు యూనిట్లు ఇచ్చేది 10,800. ఆ లోటు వేడి నడవలోంచి వెనక్కి వస్తుంది, ముందు వైపు ఇంకా వేడెక్కుతుంది, ఫ్యాన్లు ఇంకా పెరుగుతాయి. ఆ గొలుసు మొదలయ్యాక దానంతట అది ఆగదు. అందుకే 24 దగ్గర మొదలుపెట్టి 27 లోపలే ఆగేలా చూసుకోవాలి.

మరి నాలుగో యూనిట్‌ని ఆపి స్టాండ్‌బైలో ఉంచాలా? వద్దు, నాలుగూ నడపండి. 10,000 గాలిని నలుగురూ పంచుకుంటే ఒక్కోటి 69 శాతం వేగంతో తిరుగుతుంది. ఫ్యాన్ తినే కరెంటు వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, నాలుగు ఫ్యాన్ సెట్లు కలిపి తినేది మూడిటిని 93 శాతంతో నడిపినప్పటి కరెంటులో సగం పైచిలుకే. కరెంటు కంటే పెద్ద లాభం ఇంకొకటి. ఆరు నెలలు ఆగి ఉన్న యూనిట్ అవసరమైన రోజున లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. నడుస్తున్నది నడుస్తోందని తెలుస్తూ ఉంటుంది.

ఆగిన యూనిట్ ఊరికే ఆగి ఉండదు, అది నడవ గోడలో ఒక కన్నం అవుతుంది. నడవలో పీడనం గది కంటే ఎక్కువగా ఉంటే, వేడిగాలి ఆ యూనిట్ గుండా చల్లబడకుండానే గదిలోకి వస్తుంది. తక్కువగా ఉంటే గది చల్లగాలి నడవలోకి వృథాగా పోతుంది. రెండోదే నయం. అందుకే నడవలో పీడనం గది కంటే ఒకటి రెండు పాస్కళ్లు తక్కువ ఉండేలా ఫ్యాన్లను నియంత్రించండి. యూనిట్లకు గాలి ఎదురు దిశలో పోకుండా ఆపే బ్యాక్ డ్రాఫ్ట్ డ్యాంపర్లు దొరికితే తీసుకోండి. దొరక్కపోతే యూనిట్ ముందు భాగానికి సరిపోయే రేకు ఒకటి చేయించి గది గోడకు తగిలించండి. ఆగిన యూనిట్‌కి దాన్ని బిగించడం డ్యూటీలో ఉన్నవాళ్లకు రెండు నిమిషాల పని.

మేడ మీద సంగతి

లోపల నాలుగు యూనిట్లున్నా వాటి కండెన్సర్లు నాలుగూ ఒకే మేడ మీద, ఒకే ఎండలో ఉంటాయి. ఒక కండెన్సర్ ఊదిన వేడిగాలిని పక్కది పీల్చేలా దగ్గరగా పెడితే, మే నెల మధ్యాహ్నం గ్యాస్ పీడనం హద్దు దాటి యూనిట్ ఆగిపోయే హై ప్రెషర్ ట్రిప్‌లు ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. మొదటిది ట్రిప్ అవగానే దాని లోడ్ మిగతా మూడింటి మీద పడుతుంది, వాటి ప్రెషర్ పెరుగుతుంది, రెండోది ట్రిప్ అవుతుంది. ఇది ఒక పరికరం పోవడం కాదు, ఒకే కారణం నాలుగింటినీ పట్టుకోవడం. ఎన్ ప్లస్ వన్ దీన్ని కాపాడలేదు. నలుగురికి ఐదుగురిని పెట్టినా ఇంతే.

కాబట్టి కండెన్సర్ల మధ్య దూరం తయారీదారు చెప్పిన దానికంటే తగ్గనివ్వకండి. పైకి ఊదే రకం తీసుకోండి. అందం కోసం చుట్టూ రేకులు కట్టి మూసేయొద్దు. ఎండ తగలకూడదనుకుంటే పైన ఎత్తులో షేడ్ నెట్ వేసుకోవచ్చు, కానీ గాలి బయటికి పోయే దారికి అడ్డం రాకూడదు. నేల మీద నుంచి అర మీటరు ఎత్తున స్టాండు కట్టిస్తే కాలిన సిమెంటు సెగ కొంత తగ్గుతుంది, వానకు నిలిచిన నీళ్లూ తగలవు. కొండ దగ్గర ఉన్న భవనాల్లో కోతులు పైపుల ఇన్సులేషన్ పీకేస్తాయి. దాని మీద అల్యూమినియం రేకు తొడిగించడం మొదటి ఎస్టిమేట్‌లోనే రాయండి. లేకపోతే ఏటా మళ్లీ చుట్టించాలి.

కాయిల్ కడగడం మార్చిలో అయిపోవాలి. దుమ్ము పట్టిన కాయిల్ ఉన్న కండెన్సర్‌కి 44 డిగ్రీలు కూడా 50లా అనిపిస్తాయి.

ఒక్కటే ఉన్నవి ఏవో వెతకండి

డ్రాయింగు ముందు పెట్టుకుని ప్రతి గీత మీద వేలు పెట్టి, "ఇది పోతే ఎన్ని యూనిట్లు ఆగుతాయి?" అని అడగండి. జవాబు ఒకటి కంటే ఎక్కువైతే అక్కడ పని ఉంది.

సాధారణంగా మొదట దొరికేది కరెంటు ప్యానెల్. నాలుగు యూనిట్లకూ ఒకే ప్యానెల్ నుంచి కేబుళ్లు లాగితే, దాని మెయిన్ బ్రేకర్ ఒక్కటి పడితే చాలు, గదిలో చల్లదనం సున్నా. మరి రెండు ప్యానెల్లు పెట్టి చెరో రెండు యూనిట్లు ఇస్తే? ఒక ప్యానెల్ పోతే రెండు యూనిట్లు పోతాయి, మిగిలేది 34 కిలోవాట్లు, 7,200 గాలి. చాలదు. సరైన దారి ప్రతి యూనిట్‌కీ రెండు ప్యానెళ్ల నుంచీ సప్లై తెచ్చి, యూనిట్ దగ్గరే ఒక సప్లై పోతే రెండోదానికి మార్చే చిన్న ఆటోమేటిక్ ఛేంజోవర్ పెట్టడం. అప్పుడు ప్యానెల్ పోయినా నాలుగూ నడుస్తాయి, ఛేంజోవర్ చెడినా ఒక్క యూనిటే పోతుంది. నాలుగింటికీ కలిపి ఒకే పెద్ద ఛేంజోవర్ పెడితే మళ్లీ మొదటికే వస్తాం.

రెండోది గ్రూప్ కంట్రోలర్. నాలుగు యూనిట్లనూ కలిపి నడిపే కేబుల్ తెగినా, మాస్టర్ కంట్రోలర్ చచ్చినా, ప్రతి యూనిట్ తన సొంత సెన్సర్‌తో తనే నడిచేలా సెట్టింగు ఉండాలి. ఇది కొన్ని మోడళ్లలో మామూలుగానే ఉంటుంది, కొన్నింటిలో మెనూలోకి వెళ్లి ఆన్ చేయాలి.

మూడోది సెన్సర్. ఆగిన పరికరం అలారం కొడుతుంది. అబద్ధం చెప్పే సెన్సర్ ఏ అలారమూ కొట్టదు. ఫ్యాన్ల వేగాన్ని ఒకే సెన్సర్ నిర్ణయిస్తూ, అది 21 దగ్గర ఇరుక్కుపోతే, కంట్రోలర్ గది బాగా చల్లగా ఉందనుకుని ఫ్యాన్లను తగ్గించేస్తుంది. ఒక్కో వరసలో కనీసం మూడు ర్యాకులకు సెన్సర్లు పెట్టి, సగటు కాకుండా అన్నిటికంటే ఎక్కువ రీడింగుని తీసుకునేలా పెట్టండి. ఒక సెన్సర్ మిగతావాటికి నాలుగైదు డిగ్రీల తేడాతో ఉంటే అలారం రావాలి.

డ్రెయిన్ పైపు కూడా చూడండి. నాలుగు పంపులూ ఒకే సన్నటి పైపులోకి తోస్తుంటే, అది పూడుకుపోయిన రోజున నాలుగు ఫ్లోట్ స్విచ్‌లూ కలిసి నాలుగు యూనిట్లనూ ఆపేస్తాయి. కనీసం వరసకొక పైపు వేయించండి.

కరెంటు పోయిన మొదటి ఐదు నిమిషాలు

సర్వర్లు యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటాయి, అంటే 40 కిలోవాట్ల వేడి వస్తూనే ఉంటుంది. కంప్రెసర్లు ఆగిపోతాయి. గదిలోని 100 ఘనపు మీటర్ల గాలి ఒక్కటే ఆ వేడిని పీల్చుకోవాలంటే ఉష్ణోగ్రత నిమిషానికి 20 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. ర్యాకుల ఇనుము, సర్వర్ల లోహం, గోడలు కొంత వేడి తాగుతాయి కాబట్టి నిజంగా అంత వేగంగా పెరగదు. అయినా మన చేతిలో ఉండేది కొన్ని నిమిషాలే.

జనరేటర్ పది పదిహేను సెకన్లలో లేవచ్చు. అది చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆగిన కంప్రెసర్ వెంటనే లేవకుండా కంట్రోలర్‌లో ఒక టైమర్ ఉంటుంది. చాలా యూనిట్లలో అది మూడు నిమిషాల చుట్టూ ఉంటుంది. కంట్రోలర్‌కి కూడా కరెంటు పోయి ఉంటే అది బూట్ అయ్యే సమయం కూడా కలుస్తుంది. అందుకని ఫ్యాన్లు, కంట్రోలర్ యూపీఎస్ మీద ఉండాలి, కంప్రెసర్ జనరేటర్ మీద. కంప్రెసర్‌తో పోలిస్తే ఫ్యాన్లు తినే కరెంటు కొంచెమే. ఫ్యాన్లు తిరుగుతుంటే కాయిల్‌లో మిగిలిన చల్లదనం, గదిలోని చల్లగాలి రెండూ అన్ని ర్యాకులకూ సమంగా అందుతాయి. ఫ్యాన్లు కూడా ఆగితే నడవలో పీడనం పెరిగి, వేడిగాలి దగ్గరున్న ర్యాకు ముందుకే తోసుకొస్తుంది.

నాలుగు కంప్రెసర్లూ ఒకేసారి లేస్తే జనరేటర్ మీద ఒక్కసారిగా భారం పడుతుంది. వాటి మధ్య పది పదిహేను సెకన్ల తేడా పెట్టండి. అంతకంటే ఎక్కువ వద్దు, ఆలస్యమయ్యేకొద్దీ గదే మూల్యం చెల్లిస్తుంది.

ఆపి చూడండి

అప్పగింతకు ముందు గదిలో నిజమైన లోడ్ ఉండకపోవచ్చు. అద్దెకు దొరికే హీటర్ లోడ్ బ్యాంకులను ర్యాకుల్లో పెట్టి 40 కిలోవాట్లకు తీసుకురండి. ప్రతి ర్యాక్ ముందు కింద, మధ్య, పైన మూడు చోట్ల ఉష్ణోగ్రత రాసుకోండి. రీడింగులు ఒక గంట నిలకడగా ఉన్నాక, ఒక యూనిట్‌ని ఆపండి. రిమోట్‌తోనో మెనూలోంచో ఆపకండి. అలా ఆపితే అది మిగతావాటికి కబురు చెప్పి మర్యాదగా తప్పుకుంటుంది. నిజమైన చెడిపోవడం కబురు చెప్పదు. బ్రేకర్ దించండి.

ఒక గంటసేపు చూడండి. ఏ ర్యాక్ ముందూ 27 దాటకూడదు. మిగిలిన యూనిట్ల ఫ్యాన్లు పూర్తి వేగానికి అంటుకుని ఉండిపోకూడదు. ఎక్కువగా ఆగిన యూనిట్ పక్క ర్యాకు పై భాగంలోనే ఉష్ణోగ్రత ముందు పెరుగుతుంది. కప్పు అంచునో, ర్యాక్ పైనో సందు ఉందని దాని అర్థం. ఆ సందు దగ్గర టిష్యూ పేపర్ పీలిక పట్టుకుంటే గాలి ఎటు పోతోందో కనిపిస్తుంది. అగరుబత్తి వెలిగించకండి. ఆయుధపూజ రోజు కూడా ఈ గదికి గడప బయటి నుంచే పూజ చాలు, లోపల పొగ డిటెక్టర్లు భక్తిని లెక్కచేయవు.

నాలుగు యూనిట్లనూ ఒక్కొక్కటిగా ఇలాగే ఆపి చూడాలి. ఒకదాంతో సరిపోయిందని మిగతావి వదిలేయొద్దు, ప్రతిదాని పక్కన వేరే ర్యాకు ఉంది. తర్వాత ఒక ప్యానెల్, తర్వాత రెండోది, తర్వాత గ్రూప్ కేబుల్ పీకడం, తర్వాత ఒక సెన్సర్ పీకడం. చివరగా మెయిన్ కరెంటు తీసి జనరేటర్ దాకా మొత్తం గొలుసు. ప్రతిసారీ ఎన్నో సెకనుకి ఎంత ఉష్ణోగ్రతో రాసుకోండి.

పరీక్ష డిసెంబరులో చేస్తే బయటి గాలి చల్లగా ఉంటుంది కాబట్టి కిలోవాట్ల వైపు పరీక్ష జరగనట్టే. గాలి, సందులు, కరెంటు, కంట్రోలర్ల పరీక్ష మాత్రం జరిగినట్టు. కాంట్రాక్టరు బిల్లులో కొంత భాగాన్ని మే నెల మధ్యాహ్నం మళ్లీ చేసే పరీక్షకి ముడిపెట్టండి. ఈ షరతు ఆర్డరులోనే ఉండాలి, తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

రిడండెన్సీ ఎప్పుడు పోయిందో ఎలా తెలుస్తుంది

అప్పగించిన రోజున ఉన్న ఎన్ ప్లస్ వన్, రెండేళ్ల తర్వాత ఎవరికీ తెలియకుండానే మాయమై ఉంటుంది. కొత్త సర్వర్లు వచ్చి లోడ్ 48 అయిందనుకోండి. కావాల్సిన గాలి 12,000. నాలుగు యూనిట్లూ నడుస్తుంటే 14,400 దాకా ఇవ్వగలవు కాబట్టి గది చల్లగానే ఉంటుంది, ఏ అలారమూ రాదు. కానీ ఒకటి ఆగితే ఉన్నది 10,800.

దీన్ని పట్టుకోవడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. నాలుగు యూనిట్లు సమంగా పనిచేస్తున్నప్పుడు ఒక్కోదాని ఫ్యాన్ వేగం 75 శాతం దాటిందంటే, మిగతా మూడూ ఆ పనిని మోయలేవని అర్థం. మన గది 69 దగ్గర మొదలవుతుంది. 72 దగ్గర హెచ్చరిక, 75 దగ్గర అలారం పెట్టండి. కంప్రెసర్ లోడ్‌కీ ఇదే లెక్క, కానీ అది మే నెలలో చూడాలి.

లోడ్ పెరగకుండానే ఫ్యాన్ వేగం పెరుగుతుంటే సందుల వైపు చూడండి. సర్వర్ వెనక 36 ఉండి, యూనిట్‌లోకి వచ్చే గాలి 31 ఉంటే దారిలో చల్లగాలి కలుస్తోంది. యూనిట్ 23 ఇస్తుంటే ర్యాక్ పైన 29 ఉంటే వేడిగాలి తిరిగొస్తోంది. ఎక్కువసార్లు ఎవరో సర్వర్ తీసి బ్లాంకింగ్ ప్యానెల్ పెట్టడం మరిచిపోయి ఉంటారు.

సర్వీసు విషయం కూడా ఇక్కడికే వస్తుంది. ఒక యూనిట్‌ని సర్వీసుకి విప్పినంతసేపూ మీ దగ్గర అదనం ఏమీ లేదు. ఆ గంటల్లో ఇంకోటి ఆగితే 34 కిలోవాట్లతోనే నెట్టుకురావాలి. కాబట్టి పెద్ద సర్వీసులు డిసెంబరు, జనవరిలో, ఉదయం పూట, రోజుకి ఒక యూనిట్ మాత్రమే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చెడింది బాగుచేయడం తప్ప బాగున్నదాన్ని విప్పొద్దు. ఎండాకాలంలో రెండో యూనిట్ కూడా ఆగితే ముందుగా ఏ సర్వర్లు ఆపాలో, పన్నెండు కిలోవాట్లు తగ్గేలా, ఒక జాబితా రాసి తలుపు లోపల అతికించండి. ఆ జాబితాలోని వరస ఐటీ వాళ్లు నిర్ణయించాలి, ఏసీ వాళ్లు కాదు. ఏడాదికోసారి, సర్వర్లు మారినప్పుడల్లా, దాన్ని మళ్లీ రాయించండి.